ఏసీ గాలికి ఎదురుగా ఆరు నెలలు

మా ఆఫీసు వెనక గోడకు ఏసీ పైపు దిగే చోట ఒక బకెట్ ఉంటుంది. వానకాలంలో పొద్దున ఖాళీగా పెడితే సాయంత్రానికి సగం దాకా నిండుతుంది. ఆ నీళ్లు ఎక్కడివని నేను చాలా రోజులు ఆలోచించలేదు. మేం కూర్చునే హాల్లో గాలికి ఉండే తేమే అది. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబు చుట్టూ నీళ్లు పట్టినట్టే, ఏసీలోని చల్లటి కాయిల్‌కు గాలి తగిలి తేమ నీళ్లుగా మారి బయటికి జారిపోతుంది. అంటే రోజంతా మా హాలు గాలి ఆరుతూ ఉంటుంది, ఆ ఆరిన గాలి మా మొఖాల మీదే తిరుగుతూ ఉంటుంది.

జూలైలో మిర్యాలగూడ బ్రాంచి నుంచి నల్లగొండకు మార్చారు. అక్కడ ఫ్యాన్లే. ఇక్కడ హాలంతా ఏసీ, నా సీటు సరిగ్గా దానికి ఎదురుగా. పని మొత్తం కంప్యూటర్ మీదే, లంచ్ తీసేస్తే ఎనిమిది గంటలు. రెండు వారాలకే పదకొండు అయ్యేసరికి బుగ్గలు బిగుసుకుపోవడం మొదలైంది. నవ్వితే చర్మం లాగినట్టు ఉండేది. ముక్కు పక్కన సన్నటి పొట్టు లేచేది. ఇంటికి వెళ్తే అమ్మ, "మొఖం ఏంది బిడ్డా గట్ల పగిలింది? చలికాలం కూడా రాలే కదా" అంది.

నేను చేసిన మొదటి తప్పు, బిగుసుకున్నప్పుడల్లా వాష్‌రూంకి పోయి సబ్బుతో మొఖం కడుక్కోవడం. రోజుకు నాలుగైదు సార్లు. పది నిమిషాలు హాయిగా ఉండేది, తర్వాత ముందుకంటే ఎక్కువ లాగేది. మా దగ్గర బోరు నీళ్లు గట్టివి, సబ్బు సరిగ్గా నురగ రాదు. ఆ నీళ్లలోని కాల్షియంతో సబ్బు కలిసి తెల్లటి జిడ్డులా తయారవుతుంది, ఎంత కడిగినా కొంత చర్మం మీదే ఉండిపోతుంది. పైగా సబ్బు మురికితోపాటు చర్మానికి సహజంగా ఉండే కొవ్వును కూడా తీసుకుపోతుంది. తర్వాత రోజ్ వాటర్ స్ప్రే పెట్టుకున్నాను. దానిలోని వాసనకు మంట పుట్టేది. మీద ఏమీ రాయకుండా వట్టి నీళ్లు చల్లుకుంటే అవి ఆరిపోయేదాకే ఆ చల్లదనం, ఆరాక మళ్లీ అదే బిగుతు.

రెండో తప్పు ఇంకా పెద్దది. మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబ్ ఇచ్చారు, రెండు రోజుల్లో తగ్గుద్ది అన్నారు. నిజంగానే తగ్గింది. పది రోజులు రాసి ఆపాను. మూడో రోజుకు మొఖం ముందెప్పుడూ లేనంత ఎర్రబడింది. భయమేసి చర్మ వ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి ఆ ట్యూబ్ చూపించాను. ఆమె ట్యూబ్ పేరు కూడా చూడలేదు, వెనక సన్నటి అక్షరాల్లో ఉన్న ఒక్క మాట మీద వేలు పెట్టారు: బీటామెథాసోన్. అది స్టెరాయిడ్. పొడి చర్మానికి మొఖం మీద రాసేది కాదు, ఎక్కువ రోజులు వాడితే చర్మం పల్చబడుతుంది, ఆపగానే ఎరుపు తిరగబడుతుంది అని చెప్పారు. క్లోబెటాసాల్, మొమెటాసోన్ అని ఉన్నా అదే జాతి. అప్పటినుంచి ఏ ట్యూబ్ కొన్నా ముందు వెనక వైపే చదువుతున్నాను.

ఆమె చెప్పిన ఒక పోలిక నా మనసులో పడిపోయింది. చర్మం పై పొర ఇటుక గోడ లాంటిది, ఇటుకల మధ్య సిమెంటు కొవ్వు. సబ్బు ఆ సిమెంటును కడిగేస్తుంది, ఆరిన గాలి ఆ సందుల్లోంచి లోపలి తేమను లాగేస్తుంది. కాబట్టి నీళ్లు లోపల నిలపాలి, సిమెంటు పోకుండా చూడాలి. ఎక్కువ నీళ్లు తాగితే సరిపోతుందా అని అడిగాను. దాహానికి సరిపడా తాగేవాళ్లకు ఇంకో రెండు సీసాలు తాగినంత మాత్రాన మొఖం పొడితనం పెద్దగా మారదన్నారు.

మొదట గాలి సంగతి చూశాను. టిష్యూ కాగితం సన్నగా చించి, మానిటర్ పై అంచుకు టేపుతో అంటించాను. నా మొఖం వైపే రెపరెపలాడింది. దేనిమీద ఖర్చు పెట్టే ముందైనా ఈ కాగితం పని చేయమని చెబుతాను, ఎందుకంటే గాలి నేరుగా తగులుతున్నంత సేపు ఏ క్రీమూ నిలవదు. రిమోట్‌తో రెక్కలను పైకి తిప్పాను. చల్లగాలి బరువు కాబట్టి పైకి వదిలినా తానే కిందికి దిగుతుంది, హాలు చల్లగానే ఉంటుంది. 20 మీద ఉన్నదాన్ని 25కి పెంచుదామంటే మా సీనియర్ సార్ ఒప్పుకోలేదు, చివరికి 24 దగ్గర కుదిరింది. కాగితం కదలడం ఆగిన వారంలో బుగ్గల బిగుతు సగం తగ్గింది.

తర్వాత కడగడం. పొద్దున సబ్బు లేకుండా వట్టి నీళ్లతో, రాత్రి ఇంటికొచ్చాక నురగ రాని మెత్తటి క్లెన్సర్‌తో ఒక్కసారి. టవల్‌తో రుద్దకుండా అద్దుకుని, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే, రెండు మూడు నిమిషాల్లోపు, వాసన లేని మాయిశ్చరైజర్. గ్లిజరిన్, ఆ సిమెంటులో ఉండే కొవ్వులే అయిన సెరమైడ్లు ఉన్నది తీసుకున్నాను. చూపుడు వేలి మీద ఒక కణుపు పొడవున తీస్తే నాకు సరిపోతుంది. లంచ్ తర్వాత వాష్‌రూంలో తడిచేతులు బుగ్గల మీద అద్ది, శనగ గింజంత క్రీమ్ మళ్లీ రాస్తాను. ముక్కు పక్కన, పెదవులకు వ్యాజిలిన్ పల్చగా. కొబ్బరినూనె మంచిదని అమ్మ పట్టుబట్టింది, నాలుగు రాత్రులు రాశాను. నా మొఖానికి మొటిమలు వచ్చాయి, కాళ్లకు మాత్రం బాగా పనిచేసింది.

కళ్ల సంగతి నాకు చివర్న అర్థమైంది. స్క్రీన్ చూస్తున్నప్పుడు మనం రెప్పలు మామూలుకంటే బాగా తక్కువ కొడతాం. కళ్లు ఆరతాయి, దురదపెడతాయి, రుద్దుతాం. నా కనురెప్పల మీద ఎర్రటి గరుకు అలా వచ్చిందే. మానిటర్ కింద పాత లెడ్జర్లు రెండు పెట్టి ఎత్తు చేసి ఉంది. వాటిని తీసేస్తే చూపు కొంచెం కిందికి దిగింది, రెప్పలు అంతగా తెరవాల్సిన పని లేదు, ఆరడమూ తగ్గింది. ఇరవై నిమిషాలకోసారి కిటికీ అవతల వేపచెట్టు వైపు చూస్తూ రెప్పలు గట్టిగా పది సార్లు కొడతాను.

ముక్కు పక్కన పొట్టు మాత్రం వీటన్నిటికీ లొంగలేదు. నాలుగు వారాలయ్యాక మళ్లీ వెళ్తే, అది పొడితనం కాదన్నారు డాక్టరమ్మ. జిడ్డుగా, పసుపు పచ్చగా ఉండి, కనుబొమ్మల్లో కూడా రాలుతుంటే చుండ్రు జాతిదట. దానికి ఫంగస్ మందు వేరే ఇచ్చారు, మూడు వారాల్లో పోయింది. ఎంత క్రీమ్ రాసినా ఒకే చోట పొట్టు లేస్తుంటే నాలాగా నెల ఆగకండి.

ఇప్పుడు డిసెంబరు. ఏసీ ఆపేశారు, బకెట్ ఖాళీగా ఉంది. అయినా లంచ్ తర్వాత క్రీమ్ మానలేదు, ఎందుకంటే నల్లగొండ చలిగాలే పొడిగాలి. నిన్న కొత్తగా చేరిన అమ్మాయికి నా పక్క సీటు ఇచ్చారు. మార్చిలో మళ్లీ ఏసీ వేసే రోజుకని ఆమె మానిటర్‌కు కూడా ఒక టిష్యూ ముక్క అంటించాను.