వాసనలు తెలుస్తాయా అని ఎవరూ అడగలేదు

ఇంటర్ రెండో ఏడాదిలో హాస్టల్ గదిలో ఆరుగురం ఉండేవాళ్ళం. మిగతా ఐదుగురికీ మీసాలు వచ్చాయి, గొంతులు మారాయి. నాకు పదిహేడు నిండినా ఏమీ లేదు. ఫోన్ ఎత్తితే అవతలివాళ్ళు "చెప్పండి మేడమ్" అనేవాళ్ళు, అందుకే కొత్త నంబర్ వస్తే ఎత్తడం మానేశాను. స్నానానికి అందరికంటే ముందు, నాలుగున్నరకే లేచి వెళ్ళేవాడిని.

ఇంట్లో పట్టించుకోలేదని కాదు. పదిహేనో ఏట అమ్మ మా ఊళ్ళో ఒక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన "నాన్నగారికి ఎప్పుడు వచ్చింది?" అని అడిగారు. మా నాన్నకి డిగ్రీలో చేరాక గానీ గడ్డం రాలేదట. "అయితే ఇది వంశంలో ఉన్నదే, పద్దెనిమిది దాకా చూడండి" అని టానిక్ రాసి పంపించారు. బట్టలు విప్పించి చూడలేదు. కింద కొద్దిగా వెంట్రుకలు వచ్చాయని అమ్మ చెబితే "మొదలైంది కదా" అన్నారు. మేమూ నమ్మాం. ఆ వెంట్రుకలు మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల వల్ల కూడా వస్తాయని, వాటిని చూసి ఈడు మొదలైందని అనుకోకూడదని నాకు రెండేళ్ళ తర్వాత తెలిసింది. మగపిల్లల్లో అసలు మొదటి గుర్తు వృషణాలు పెరగడం. మీసం, గొంతు, ఒక్కసారిగా ఎత్తు పెరగడం అన్నీ ఆ తర్వాతే.

పదిహేడున్నరకి మా మేనమామ పట్టుబట్టి విజయవాడలో హార్మోన్ల డాక్టర్‌కి చూపించాడు. ఆవిడ దగ్గర చెక్క పూసల దండ ఒకటి ఉంది. చిన్న పూస నుంచి పెద్ద పూస దాకా వరుసగా గుచ్చి, ఒక్కోదాని మీద 1 నుంచి 25 దాకా అంకె వేసి ఉంటుంది. దాన్ని ఆర్కిడోమీటర్ అంటారు. వృషణాన్ని చేత్తో తడిమి ఏ పూసకి సరిపోతుందో చూస్తారు. నాలుగు మిల్లీలీటర్లు వస్తే ఈడు మొదలైనట్టు. నాది రెండు. పద్నాలుగు నిండినా నాలుగుకి రాకపోతే డాక్టర్ చూడాలి అంటారు, నేను దానికి మూడున్నరేళ్ళు ఆలస్యం.

తర్వాత ఆవిడ అడిగిన రెండు ప్రశ్నలు నాకు ఇప్పటికీ మాట మాటా గుర్తున్నాయి. "చిన్నప్పుడు వృషణం కిందికి దిగలేదని ఏమైనా ఆపరేషన్ చేశారా?" అమ్మ అవునంది, మూడేళ్ళప్పుడు చేశారు. "బాబూ, నీకు వాసనలు తెలుస్తాయా?"

తెలుస్తాయనే అన్నాను. కళ్ళు మూసుకోమని కాఫీ పొడి డబ్బా ముక్కు దగ్గర పెట్టారు. నాకేమీ తెలియలేదు. ఇంగువ పెట్టారు, అదీ తెలియలేదు. పుట్టినప్పటి నుంచీ అంతే కాబట్టి నాకు లోపం ఉందని ఎప్పుడూ అనిపించలేదు, ఉప్పు పులుపు కారం తెలుస్తుంటే వాసన కూడా అదే అనుకున్నాను. ఒకసారి పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే నేను పక్కనే కూర్చుని చదువుకుంటున్నానని అమ్మ తిట్టింది. ఆ రోజు అది అజాగ్రత్త అనుకుంది, డాక్టర్ ముందు ఆ సంగతి చెబుతూ ఏడ్చేసింది.

మెదడులో ఈడు మొదలుపెట్టే కణాలు కొన్ని ఉంటాయట. పిండంగా ఉన్నప్పుడు అవి ముక్కు దగ్గర పుట్టి, వాసన నరాల వెంబడి మెదడులోకి నడిచి వెళ్ళాలి. ఆ దారి సరిగ్గా ఏర్పడకపోతే వాసనా ఉండదు, ఈడూ రాదు. దీన్ని కాల్‌మన్ సిండ్రోమ్ అంటారు. పొద్దున ఎనిమిదింటికి, పరగడుపున రక్తం తీశారు (టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ ఉదయమే ఎక్కువ ఉంటుంది, సాయంత్రం తీస్తే లెక్క తప్పుతుంది). మగవాళ్ళకి సుమారు 300 పైన ఉండాల్సింది నాకు 18 వచ్చింది. వృషణాల్ని పనిచేయించడానికి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లు కూడా అడుగంటి ఉన్నాయి. అవి బాగా ఎక్కువగా ఉంటే లోపం వృషణాల్లోనే ఉన్నట్టు, అప్పుడు క్రోమోజోముల పరీక్ష చేస్తారట. ఎంఆర్‌ఐలో చూస్తే, మెదడులో వాసన పసిగట్టే బల్బులు అనే భాగాలు రెండు వైపులా లేవు.

నేను మొదట అడిగింది ఇదే: ఆ పదిహేనో ఏటే రక్తపరీక్ష చేసి ఉంటే తెలిసేదా? రక్తం ఒక్కటే అయితే తెలిసేది కాదన్నారావిడ. మామూలుగా ఆలస్యమయ్యే పిల్లల్లో కూడా ఆ వయసుకి ఈ మూడూ తక్కువగానే ఉంటాయి, కాగితం చూసి తేడా పట్టలేం. తేడా పట్టించేవి వాసన, చిన్నప్పటి ఆపరేషన్. అవి రెండూ అడగడానికి ఖర్చేమీ లేదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

మందు నెలకో టెస్టోస్టెరాన్ ఇంజక్షన్. మొదట్లో 100 మిల్లీగ్రాములే ఇచ్చి, రెండేళ్ళలో మెల్లగా పెంచుకుంటూ 250కి తెచ్చారు. నాలుగో నెలలో గొంతు పగలడం మొదలైంది. చెల్లి ఫోన్‌లో "ఎవరండీ" అంది, ఆ రోజు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. కానీ ఈ ఇంజక్షన్‌తో గొంతు, గడ్డం, కండ, ఎముక గట్టితనం వస్తాయి గానీ వృషణాలు పెరగవు. పిల్లలు కావాలనుకున్నప్పుడు దీన్ని ఆపి, హెచ్‌సీజీ, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే వేరే ఇంజక్షన్లు వారానికి రెండు మూడు చొప్పున నెలల తరబడి తీసుకోవాలి. చిన్నప్పుడు దిగని వృషణం కాబట్టి నాకు అవకాశం కొంత తక్కువే అని దాచకుండా చెప్పారు. ఇప్పుడు నాకు ఇరవై ఐదు, వచ్చే ఏడాది పెళ్ళి. ఆ అమ్మాయికి నిశ్చితార్థానికి ముందే ఇదంతా చెప్పాను.

పోయినేడు పిన్ని ఫోన్ చేసింది. వాళ్ళబ్బాయికి పద్నాలుగున్నర, క్లాసులో అందరికంటే పొట్టి, 147 సెంటీమీటర్లు. "వాడికీ నీలాగే ఏమో నాన్నా" అని భయపడింది. జిమ్‌కి వెళ్ళే బంధువు ఒకాయన టెస్టోస్టెరాన్ ఇంజక్షన్లు తెచ్చి పెడతానన్నాడట. నేను వద్దే వద్దన్నాను, పెద్ద మోతాదులో ఇస్తే ఎముకల చివర్లు త్వరగా మూసుకుపోయి పిల్లాడు అక్కడే ఆగిపోతాడు. తమ్ముణ్ణి మా డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను.

వాడికి కాఫీ వాసన తెలిసింది, ఆపరేషన్లు లేవు. ఏడాదికి ఐదు సెంటీమీటర్లు చొప్పున పెరుగుతూనే ఉన్నాడు, బడి రికార్డులో కొలతలున్నాయి. థైరాయిడ్, రక్తహీనత లాంటివి చూశారు, బాగానే ఉన్నాయి. ఎడమ చేతి ఎక్స్‌రేలో ఎముక వయసు పన్నెండున్నర వచ్చింది, అంటే వాడి ఒంటి గడియారం రెండేళ్ళు వెనక నడుస్తోంది. పూస నాలుగు. వాళ్ళ నాన్నకీ ఆలస్యమే. ఇన్ని ఒకేవైపు చూపిస్తే ఆగడమే సరైన వైద్యం అన్నారు. కాకపోతే ఇంటికెళ్ళి మర్చిపోకుండా, ఆరు నెలలకి మళ్ళీ అదే పూసలతో కొలవాలన్నారు. పిల్లాడు మరీ కుంగిపోతుంటే మూడు నుంచి ఆరు నెలలు చిన్న మోతాదు ఇంజక్షన్ ఇచ్చి ఆపుతారట, మామూలు ఆలస్యమైతే ఆపాక వృషణాలు వాటంతటవే పెరుగుతాయి, నాలాంటి వాడికైతే రెండు దగ్గరే ఉండిపోతాయి. తమ్ముడు వద్దన్నాడు, ఆగుతానన్నాడు.

ఆరు నెలలకి వెళ్తే పూస ఎనిమిది. మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు గోడకి ఆనించి కొలిస్తే 155 దాటాడు, గొంతు సగం పగిలి ఉంది, అది వినపడకుండా మెల్లగా మాట్లాడుతున్నాడు.