స్ట్రిప్ నిలువుగానా, అడ్డంగానా?

మా అమ్మాయి ఇక్కడ అమెరికాలో హైస్కూల్లో ఏపీ కాల్క్యులస్, అంటే కాలేజీ స్థాయి కాల్క్యులస్, చదువుతోంది. ఒక ప్రాంతాన్ని అక్షం చుట్టూ తిప్పితే వచ్చే ఆకారానికి ఘనపరిమాణం కనుక్కోవడం ఇప్పుడు తన చాప్టర్. దీనికి నేను ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో నేర్చుకున్న పద్ధతి ఒకటే: ఎక్స్ అక్షం చుట్టూ తిప్పితే π∫y² dx, వై అక్షం చుట్టూ తిప్పితే π∫x² dy. అక్షం పేరు చూసి ఫార్ములా ఎత్తుకోవడమే. తన క్లాసులో ముందు బొమ్మ గీయాలి, ఆ ప్రాంతంలో ఒక సన్నటి స్ట్రిప్ గీసి చూపించాలి. ఇక్కడి పరీక్షలో కొన్ని ప్రశ్నలకు ఇంటిగ్రల్ రాస్తే చాలు, విలువ కట్టక్కర్లేదని వాళ్లే చెబుతారు. మొదట్లో ఇదేం చదువు అనిపించింది కానీ, ఈ చాప్టర్ వరకు వాళ్ల దారే సరైనదని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

అయితే ఆ సిలబస్‌లో ఆకారాన్ని పల్చటి డిస్కులుగా, మధ్యలో రంధ్రం ఉన్న వాషర్లుగా కోసే పద్ధతులు ఉన్నాయి గానీ, గొట్టాలుగా విడదీసే షెల్ పద్ధతి లేదు. వాడితే తప్పు కాదు, సరిగ్గా రాస్తే మార్కులు వేస్తారు. అడగరు కాబట్టి చాలామంది పిల్లలు దాని జోలికే వెళ్లరు. అందుకే అది ఇంట్లో నేను నేర్పాను.

దానికి తీసుకున్న లెక్క ఇది. y = 3x² − x³ అనే వక్రానికీ ఎక్స్ అక్షానికీ మధ్య, x = 0 నుంచి 3 వరకు ఉన్న ప్రాంతం. చిన్న గుట్టలా లేచి x = 2 దగ్గర 4 ఎత్తుకు చేరి, 3 దగ్గర కిందికి దిగుతుంది. దీన్ని వై అక్షం చుట్టూ తిప్పాలి.

తను అలవాటుగా అడ్డంగా స్ట్రిప్ గీసింది. y = 2 దగ్గర గీస్తే అదృష్టం కొద్దీ x = 1 అని కనబడుతుంది, రెండో కొస 1 + √3. కానీ y = 3 దగ్గర x³ − 3x² + 3 = 0 సాధించాలి, దానికి అంత తేలికైన మూలం ఏదీ లేదు. వాషర్‌కి ప్రతి ఎత్తులోనూ లోపలి వ్యాసార్థం, బయటి వ్యాసార్థం రెండూ y లో కావాలి. అంటే ఘన సమీకరణాన్నే సాధించి కూర్చోవాలి.

"అమ్మా, ఇది ఇంక కదలదు," అంది.

"స్ట్రిప్ నిలువుగా గీయి. పైన ఏముంది?"

"3x² − x³. కింద సున్నా. అంతే!"

అక్షానికి x దూరంలో ఉన్న ఆ నిలువు స్ట్రిప్ వై అక్షం చుట్టూ తిరిగితే పల్చటి గొట్టం అవుతుంది. దాన్ని నిలువునా కోసి, చుట్టిన చాప పరిచినట్టు పరిస్తే పొడవు 2πx, ఎత్తు 3x² − x³, మందం dx. కాబట్టి ఘనపరిమాణం 2π∫ x(3x² − x³) dx, 0 నుంచి 3 వరకు. లోపల గుణిస్తే 3x³ − x⁴. జవాబు 243π/10, అంటే 24.3π. రెండు లైన్లలో అయిపోయింది.

ఇదే ప్రాంతాన్ని ఎక్స్ అక్షం చుట్టూ తిప్పమంటే? స్ట్రిప్ మార్చక్కర్లేదు, నిలువుదే. ఈసారి అది అక్షానికి లంబంగా ఉంది కాబట్టి తిరిగితే డిస్క్ అవుతుంది: π∫(3x² − x³)² dx, జవాబు 729π/35. ఇక్కడ షెల్ పట్టుకుంటే అడ్డం స్ట్రిప్ కావాలి, మళ్లీ అదే ఘన సమీకరణం ఎదురొస్తుంది.

కాబట్టి డిస్కా, షెల్లా అని ముందే తేల్చుకోవద్దని చెప్పాను. ఏ వైపు గీస్తే స్ట్రిప్ రెండు కొసలూ తేలిగ్గా రాయగలవో చూసుకో. అది అక్షానికి లంబంగా ఉంటే డిస్క్ లేదా వాషర్, సమాంతరంగా ఉంటే షెల్. అక్షం పేరు చూసి ఎత్తుకునే నా పాత ఫార్ములాలో ఈ ఎంపికకే చోటు లేదు.

రెండూ తేలికైనవీ ఉంటాయి. y = x, y = x² మధ్య ప్రాంతాన్ని వై అక్షం చుట్టూ తిప్పితే వాషర్‌తో π∫(y − y²) dy, షెల్‌తో 2π∫x(x − x²) dx. రెండిట్లోనూ π/6 వస్తుంది. ఇలాంటివి రెండు విధాలా చేయిస్తాను, తప్పు ఎక్కడున్నా బయటపడుతుంది. ముఖ్యంగా వాషర్ బయటి వ్యాసార్థం R, లోపలిది r అయితే, R² − r² బదులు (R − r)² రాసేసే తప్పు. దాంతో ఇక్కడ π/30 వస్తుంది, షెల్ జవాబుతో పొసగదు.

ఆ తర్వాత మొదటి ప్రాంతాన్నే x = 3 గీత చుట్టూ తిప్పమన్నాను. "లెక్క చేయకముందే చెప్పు, 24.3π కన్నా ఎక్కువా తక్కువా?"

బొమ్మ వైపు చూసింది. "తక్కువ. గుట్ట కుడివైపుకి ఒరిగింది కదా, ఎక్కువ భాగం కొత్త అక్షానికి దగ్గరగా ఉంది."

ఈసారి వ్యాసార్థం x కాదు, 3 − x. ఎత్తు మాత్రం మారదు. 2π∫(3 − x)(3x² − x³) dx కట్టింది: 16.2π.