మెడ గడ్డ ముక్క పరీక్షకు పంపడం: ఒకసారి తప్పు చేశాక నేర్చుకున్నది (నా అనుభవం)

నేను చిత్తూరులో ఒక చిన్న ప్రైవేట్ ఆసుపత్రిలో థియేటర్ నర్సుని. మాకు సొంత పాథాలజీ ల్యాబ్ లేదు, ఏ ముక్క తీసినా తిరుపతికి పోవాల్సిందే. మామూలుగా పేషెంట్ తరఫువాళ్ల చేతికే సీసా ఇచ్చి బస్సెక్కిస్తాం. చేరిన మొదటి నెలల్లో నాకు తెలిసిందల్లా ఒకటే, ముక్క కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్‌లో దాన్ని వేయాలి, పేరు రాయాలి, ఫారం మీద డాక్టర్ సంతకం పెట్టించాలి. అంతే అనుకున్నా.

పేరు మార్చి చెప్తున్నా, మునిరత్నం అనుకుందాం. 38 ఏళ్లు, బెల్లం మండీలో పని. మెడకి ఎడమ వైపు మూడు నెలలుగా గడ్డ. డాక్టర్‌గారు ఒక లింఫ్ గ్రంథిని మొత్తంగా తీసి నా చేతిలో పెట్టారు. నేను దాన్ని యూరిన్ పరీక్షకు వాడే చిన్న సీసాలో వేసి, పైదాకా ఫార్మలిన్ పోసి, మూత మీద మార్కర్‌తో పేరు రాసి, ఫారంలో "మెడ గడ్డ, బయాప్సీ కోసం" అని రాసేశా. వాళ్ల తమ్ముడు ఆ సాయంత్రమే తిరుపతిలో ఇచ్చి వచ్చాడు. నాకు చాలా తృప్తిగా కూడా అనిపించింది.

మరుసటి రోజు పొద్దున ల్యాబ్ నుంచి మేడమ్ ఫోన్. "సిస్టర్, పేరు మూత మీద రాశారు. ఇక్కడ మా టేబుల్ మీద ఆరు సీసాల మూతలు తీసి పక్కన పెడతాం. అప్పుడు ఈ ముక్క ఎవరిది?" నాకు మాట రాలేదు. ఆమె కోప్పడలేదు, వరసగా అడుగుతూ పోయింది. మెడ అంటే ఏ వైపు? గడ్డ మొత్తం తీశారా, కొంచెం కోశారా? ఎన్నాళ్ల నుంచి ఉంది? జ్వరం ఉందా? ఇంతకు ముందు టీబీ మందులు వాడాడా? నేను ఫోన్ పట్టుకునే వార్డులోకి పరుగెత్తి మునిరత్నాన్ని అడిగితే, "వాడినా సిస్టర్, ఆరేళ్ల కిందట. నాలుగు నెలలు మింగినా, బాగైపోయింది కదా అని వదిలేసినా" అన్నాడు. ఆ సంగతి కేస్ షీట్‌లో ఉంది, ఫారంలో లేదు. ఫారం రాసింది నేను.

రిపోర్ట్ వచ్చింది. గ్రాన్యులోమాలు ఉన్నాయి, మధ్యలో జున్నులాగా చచ్చిపోయిన కణజాలం ఉంది, టీబీకి సరిపోతుంది అని. టీబీ అని తేలింది కదా, ఇంకేం అనుకున్నా. కానీ సగంలో మందులు వదిలేసిన మనిషికి రెండోసారి వచ్చిందంటే అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఈసారి మందులు పనిచేస్తాయా లేదా? దానికి క్రిమి జన్యువుల్ని చూసే సీబీనాట్ పరీక్ష, క్రిముల్ని పెంచి చూసే కల్చర్ కావాలి. కల్చర్‌కి బతికున్న క్రిములు ఉండాలి. ఫార్మలిన్ పనే క్రిముల్ని చంపేయడం, కణజాలాన్ని ఉన్నది ఉన్నట్టు గట్టిపరచడం. గ్రంథి మొత్తం అందులో ముంచేశాక వెనక్కి తెచ్చుకోలేం. చివరికి డాక్టర్‌గారు పక్కనున్న ఇంకో చిన్న గడ్డలో సూది గుచ్చి, వచ్చిన చీము పంపారు. ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కి నిరోధకత లేదని తేలింది. కానీ ఆ రెండో సూది పోటు నా వల్లే కదా అని ఇప్పటికీ గుచ్చుకుంటూ ఉంటుంది.

రెండు నెలల తర్వాత మళ్లీ మెడ గడ్డే వచ్చింది. పలమనేరు వైపు నుంచి 52 ఏళ్ల ఆమె. ఈసారి ముందు రోజే ల్యాబ్‌కి నేనే ఫోన్ చేసి ఆ మేడమ్‌ని అడిగా, "మేడమ్, రేపు మెడ గ్రంథి తీస్తున్నారు, నన్నేం చేయమంటారు?" అని. ఆమె నవ్వి చాలా ఓపిగ్గా చెప్పింది.

మొదట సీసా. గ్రంథి స్కాన్‌లో రెండున్నర సెంటీమీటర్లు ఉంది. గుండ్రంగా అనుకుంటే దాని పరిమాణం ఎనిమిది మిల్లీలీటర్ల దాకా వస్తుంది. ముక్కకి కనీసం పది రెట్లు ఫార్మలిన్ ఉండాలి, అంటే 80 మిల్లీలీటర్లు. నేను పోయినసారి వాడిన సీసాలో పట్టేదే 30! పైగా ఆ సన్న మూతి సీసాలో మెత్తగా దూరిన ముక్క, గట్టిపడ్డాక బయటికి రాదు, ల్యాబ్ వాళ్లు లాగితే చితుకుతుంది. అందుకని 150 మిల్లీలీటర్ల వెడల్పు మూతి డబ్బా తెప్పించా. ఫార్మలిన్ ముందే పోసి పెట్టి, తర్వాత ముక్క వేయాలి, అప్పుడు ముక్క అడుగున అతుక్కోకుండా చుట్టూ ద్రవం ఉంటుంది.

ఫార్మలిన్ విషయంలో మా దగ్గర ఇంకో తప్పు జరుగుతూ ఉండేది, అది నా ముందు నుంచీ ఉన్నదే. కొన్న పెద్ద సీసాలో ఉండేది గాఢ ఫార్మలిన్, అందులో ఫార్మాల్డిహైడ్ 37 నుంచి 40 శాతం. ముక్కకి కావాల్సింది దాన్ని పదో వంతుకి పలచన చేసింది, వంద మిల్లీలీటర్లకి తొమ్మిది వందల నీళ్లు. మావాళ్లు ఒక్కోసారి గాఢంగానే పోసేవాళ్లు, ఎక్కువైతే మంచిదేగా అని. అలా పోస్తే పై పొర గట్టిపడిపోయి లోపలికి సరిగా దిగదు. ఇంకోసారి కుళాయి నీళ్లు కలిపి నెలల తరబడి ఉంచేవాళ్లు. బఫర్ ఉప్పులు లేకపోతే అది మెల్లగా ఆమ్లంగా మారుతుంది, రక్తం ఎక్కువున్న ముక్కల్లో స్లైడ్ మీద గోధుమ నల్ల మచ్చలు పడి చూసేవాళ్లని తికమక పెడతాయి. ఇప్పుడు మేము న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ అని రాసున్నదే రెడీగా కొంటున్నాం. కలుపుకునే బాధ, కళ్లు మండే బాధ తప్పింది.

ఇక ఆ రోజు థియేటర్‌లో. నేను ఫార్మలిన్ డబ్బాని అసలు ట్రే దగ్గరికే రానివ్వలేదు, దూరంగా వేరే టేబుల్ మీద పెట్టా. ఎందుకంటే ఫార్మలిన్ తగిలిన ఫోర్సెప్స్‌తో టీబీ పరీక్షకు పంపాల్సిన ముక్కని పట్టుకున్నా ఆ ముక్క పాడే. డాక్టర్‌గారు 10:40కి గ్రంథి తీశారు, పైపొరతో సహా, పిసకకుండా. కొత్త బ్లేడుతో నిలువుగా కోసి, చిన్న వంతు స్టెరైల్ సీసాలో వేసి, ఎండిపోకుండా నాలుగు చుక్కల స్టెరైల్ సెలైన్ వేశారు. మిగతా పెద్ద భాగం ఫార్మలిన్‌లోకి, 10:50కి. గ్రంథిని కోయడం వల్ల ఇంకో లాభం ఉందట. ఫార్మలిన్ లోపలికి గంటకి ఒక మిల్లీమీటర్ దిగితే గొప్ప, పొరతో మూసి ఉన్న పెద్ద గ్రంథిని అలాగే వేస్తే నడిమధ్య భాగం ఫార్మలిన్ చేరేలోపే కుళ్లడం మొదలవుతుంది. అందులోనూ మా చిత్తూరు ఎండల్లో! సెలైన్‌లో రాత్రంతా వదిలేసిన ముక్కలకి జరిగేది కూడా ఇదే, సెలైన్ ఏదీ గట్టిపరచదు.

లేబుల్‌కి వస్తే, మా జిల్లాలో ఈ బాధ వేరే రకం. ఒకే రోజు లిస్టులో ఇద్దరు మునెమ్మలు, ఒక మునిరత్నమ్మ ఉండటం మాకు వింత కాదు. ఆ రోజు కూడా ఉన్నారు. అందుకే పేరు ఒక్కటీ సరిపోదు, పేరుతో పాటు వయసు, ఐపీ నంబర్. తర్వాత "కుడి మెడ గ్రంథి", తేదీ, టైము. అంతా డబ్బా ఒంటి మీద, మూత మీద కాదు. బాల్‌పెన్ కాకుండా పెన్సిల్‌తో రాశా, ఫార్మలిన్ చింది తగిలితే పెన్ను ఇంకు కరిగిపోయి నీలం మరక మిగులుతుంది. రెండు డబ్బాలకీ ఎ, బి అని పెట్టి, ఫారంలో కూడా ఎ అంటే ఏది, బి అంటే ఏది అని రాశా. పేషెంట్ ఇంకా టేబుల్ మీద ఉండగానే వార్డు సిస్టర్ చేత ఫారం చదివించి, నేను డబ్బా చదివి, సరిచూసుకున్నాం.

నాకు ఎక్కువ టైము పట్టింది ఫారానికే. డాక్టర్‌గారి పక్కన కూర్చుని రాయించుకున్నా. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంది: "కుడి మెడ పై భాగంలో నొప్పి లేని గడ్డ, నాలుగు నెలలుగా. సాయంత్రం జ్వరం, రాత్రిళ్లు చెమట, ఆరు కిలోల బరువు తగ్గుదల. బయట పది రోజులు స్టెరాయిడ్ మాత్రలు వాడారు, గడ్డ తగ్గి మళ్లీ పెరిగింది, చివరి మాత్ర మూడు వారాల కిందట. టీబీ మందులు ఎప్పుడూ వాడలేదు. గ్రంథి మొత్తం తీశాం, ఒక వంతు విడిగా టీబీ పరీక్షకు పంపాం. అనుమానం: లింఫోమానా, టీబీనా." కింద డాక్టర్‌గారి ఫోన్ నంబర్. స్టెరాయిడ్ మాట ఆమె కొడుకు చెప్పింది, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన చీటీ చూపించి. అది రాయకపోయుంటే పెద్ద నష్టం, ఎందుకంటే లింఫోమా అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్, స్టెరాయిడ్ వల్ల ఆ గడ్డ తాత్కాలికంగా కరిగి, ముక్కలో అసలు రోగం మసకగా కనిపిస్తుందట. చూసే పాథాలజిస్టుకి ఆ సంగతి తెలిస్తే ఇంకా లోతుగా వెతుకుతారు.

పంపడం సులువుగానే అయింది. టీబీ పరీక్ష ముక్క ఉన్న చిన్న సీసా, దాని వేరే ఫారంతో, ఆ మధ్యాహ్నమే ప్రభుత్వ టీబీ కేంద్రానికి ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బాలో వెళ్లింది. ఫార్మలిన్ డబ్బాకి మాత్రం ఐస్ పెట్టలేదు, గడ్డ కట్టిస్తే కణజాలం చిట్లిపోతుంది. మూత బిగించి టేపు చుట్టి, దూదితో జిప్ కవర్‌లో, దాన్ని గట్టి ప్లాస్టిక్ బాక్సులో నిలబెట్టా. ఫారం వేరే కవర్‌లో బయట. పోయినసారి సీసా కారి ఫారం తడిసి, మనం రాసిన రెండు మాటలు కూడా కనపడలేదని మేడమ్ దెప్పింది లెండి. కొడుకుకి "సామీ, ఒళ్లో పెట్టుకో, కింద పెట్టొద్దు, ఎవరూ తెరవొద్దు" అని చెప్పి పంపా. సాయంత్రం నాలుగుకి తిరుపతిలో తీసుకున్నట్టు ల్యాబ్ వాళ్ల సంతకం ఉన్న రసీదు ఫోటో పంపాడు.

సీబీనాట్‌లో టీబీ లేదని వచ్చింది. ల్యాబ్ రిపోర్ట్ లింఫోమా అనుమానం అంటూ, రకం తేల్చడానికి ఐహెచ్‌సీ పరీక్షలు చేయమంది. ఇంటివాళ్లు వేలూరు పోతామన్నారు. డాక్టర్‌గారు బయాప్సీ నంబర్ వేసి లెటర్ రాసిస్తే ల్యాబ్ వాళ్లు స్లైడ్లు, మైనం బ్లాక్ ఇచ్చారు. ముక్క ఇప్పుడు ఆ మైనంలో ఉంది, కొత్తగా మళ్లీ కోయనక్కర్లేదు. ఇచ్చేటప్పుడు ల్యాబ్ కుర్రాడు ఒకటే చెప్పాడట, బ్లాక్‌ని కారు డ్యాష్‌బోర్డు మీద ఎండలో పెట్టొద్దన్నా, కరిగిపోతుంది అని. ఆమె కొడుకు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని వేలూరు బస్సెక్కానని ఫోన్ చేస్తే, దిగేదాకా నేను రెండుసార్లు ఫోన్ చేసి అడిగా, ఇంకా ఉందా అని.