కాగితం లేనివి వెతికే షీట్

మా డాక్యుమెంటరీకి పిక్చర్ లాక్ అయ్యింది, అంటే ఇక ఎడిట్‌లో ఒక్క ఫ్రేమ్ కూడా కదలకూడదు. అప్పుడు డిస్ట్రిబ్యూటర్ దగ్గర్నుంచి, సినిమాతో పాటు ఏమేం ఇవ్వాలో చెప్పే డెలివరీ జాబితా వచ్చింది. అందులో నా వంతుకు వచ్చింది క్లియరెన్స్ షీట్. సినిమాలో మనం సొంతంగా సృష్టించనిది ఏమేం ఉంది, దాన్ని ఎవరి దగ్గర తీసుకున్నాం, ఏ కాగితం మీద తీసుకున్నాం, ఆ కాగితం ఎక్కడ, ఎన్నాళ్లు చెల్లుతుంది అన్నవి అందులో వరుసగా రాయాలి.

ఈ పనిని అగ్రిమెంట్లున్న ఫోల్డర్ తెరిచి మొదలుపెట్టాలనిపిస్తుంది. కానీ అలా చేస్తే కాగితం ఉన్నవే షీట్‌లోకి ఎక్కుతాయి. మనం వెతకాల్సింది కాగితం లేనివాటిని. అందుకే నేను టైమ్‌లైన్ నుంచి మొదలుపెట్టాను. ఎడిటర్‌ని అడిగితే ఈడీఎల్ తీసి ఇచ్చారు, అంటే వాడిన ప్రతి షాట్ పేరు, అది మొదలయ్యే చోటు, ముగిసే చోటు ఉన్న జాబితా. చూస్తే స్టాక్ క్లిప్పులు, అంటే ఏజెన్సీల దగ్గర లైసెన్స్‌కి తీసుకున్న రెడీమేడ్ షాట్లు, సగం కూడా లేవు. CMX 3600 రకం ఈడీఎల్‌లో ఒక్క వీడియో ట్రాకే వస్తుంది, మావాళ్లేమో స్టాక్ షాట్లన్నీ పై ట్రాకుల్లో పెట్టారు. ఒక్కో ట్రాక్‌కి విడిగా తీయించాను. కొన్ని షాట్లను కలిపి ఒకే ముక్కగా నెస్ట్ చేసి ఉంచారు, అవి జాబితాలో ఒక్క వరుసగానే కనిపిస్తాయి, లోపల ఏముందో తెలియదు. వాటినీ విప్పించాను.

అంతా అయ్యాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సినిమా మొదటి నుంచి చివరిదాకా విన్నాను. షూటింగ్‌లో రికార్డయిన శబ్దంలో కలిసిపోయిన పాట ఏ జాబితాలోనూ ఉండదు కదా.

00:21:08 దగ్గర అలాంటిదే దొరికింది. ఒకాయన వీధిలో నడుస్తూ మాట్లాడుతుంటే వెనక ఏదో దుకాణం స్పీకర్లోంచి సినిమా పాట వినిపిస్తోంది. 14 సెకన్లు, పల్లవి స్పష్టంగా తెలుస్తోంది. డైరెక్టర్ గారికి చెప్తే, "అది మనం పెట్టింది కాదు కదా, అక్కడ మోగుతుంటే మనమేం చేస్తాం?" అన్నారు. ఎడిటర్, "కొన్ని సెకన్లలోపు ఫ్రీ అంటారుగా" అన్నారు. ఈ సెకన్ల లెక్క చాలామంది నోట వింటాం గానీ, అలాంటి రూలేమీ లేదు. అనుకోకుండా వినపడిన సంగీతానికి కొన్ని దేశాల చట్టాల్లో కొంత సడలింపు ఉన్నా, సినిమా వెళ్లేది చాలా దేశాలకు. డిస్ట్రిబ్యూటర్ ఆ రిస్క్ తీసుకోరు.

ఆ పాటకు ఒక్క పర్మిషన్ కాదు, రెండు కావాలి. సాహిత్యం, బాణీ ఒకరి చేతిలో ఉంటాయి, వాటిని దృశ్యంతో కలిపి వాడుకోడానికి సింక్ లైసెన్స్. రికార్డింగ్ మరొకరిది కావచ్చు, దానికి మాస్టర్ లైసెన్స్. అందుకే నా షీట్‌లో ప్రతి పాటకూ రెండు వరుసలు పెట్టుకున్నాను. మొదట్లో ఒక్క వరుసలోనే "మ్యూజిక్ క్లియర్" అని రాసి ఉంచేవాళ్లను చూశాను. ఏది క్లియరయ్యిందో అందులో ఎవరికీ అర్థం కాదు.

రెండు హక్కులూ కొనడం మా బడ్జెట్‌లో అయ్యే పని కాదు. కాలర్ మైక్ ట్రాక్ విడిగా విన్నాం, అందులోకీ పాట వచ్చేసింది. చివరికి సౌండ్ ఎడిటర్‌కి దారి దొరికింది. ఆ షాట్‌లో నడుస్తూ మాట్లాడే మనిషి వెనక నుంచి కనిపిస్తాడు, పెదాలు కనపడవు. అదే మాట ఆయన గదిలో కూర్చుని ఇచ్చిన ఇంటర్వ్యూలోనూ చెప్పాడు. ఆ గొంతు తెచ్చి ఇక్కడ వేసి, కింద మరో వీధి శబ్దం పరిచారు. దృశ్యం ఒక్క ఫ్రేమ్ కూడా కదల్లేదు. షీట్‌లో ఆ వరుస మాత్రం చెరపలేదు, "తీసేశాం, ఫలానా మిక్స్ నుంచి లేదు" అని రాశాను. పాత మిక్స్ ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే ఆ వరుసే జవాబు.

మిగతా సంగీతంలో చిక్కు వేరు. ఒక లైబ్రరీ ట్రాక్‌కి, అంటే ఎవరైనా లైసెన్స్ కొని వాడుకునే రెడీమేడ్ సంగీతానికి, లైసెన్స్ ఉంది, డబ్బు కట్టిన రసీదూ ఉంది. కానీ అది ఎడిటర్ సొంత ఖాతాలో, ఆయన పేరు మీద, ఆన్‌లైన్ వీడియోలకు మాత్రమే అన్న ప్లాన్‌లో ఉంది. మా సినిమా టీవీకి, ఓటీటీకి వెళ్లాలి. నిర్మాణ సంస్థ పేరు మీద, ఆ మాధ్యమాలన్నిటికీ కలిపి మళ్లీ కొన్నాం. అప్పటినుంచి "లైసెన్స్ ఎవరి పేరు మీద" అనే గడిని ధర గడి కంటే ముందు పెడుతున్నాను. సినిమాలో సంగీతం ఎక్కడెక్కడ వచ్చిందో రాసే క్యూ షీట్‌లో లెక్క ఇంకో తీరు. అది స్వరకర్తలకు రాయల్టీ చేరడానికి వెళ్లే కాగితం కాబట్టి, ఒకే ట్రాక్ మూడు చోట్ల వస్తే లైసెన్స్ ఒకటే అయినా మూడు వరుసలు రాయాలి, ఒక్కోదానికి విడిగా నిడివి వేయాలి.

స్టాక్ ఫుటేజ్‌లో వాటర్‌మార్క్ మిగిలిపోయిన షాట్లు లేవు, సంతోషం. ఒక జనసమూహం షాట్ దగ్గర మాత్రం ఆగాను. లైసెన్స్‌లో "ఎడిటోరియల్ వాడకానికి మాత్రమే" అని ఉంది. అందులో కనిపించేవాళ్ల దగ్గర సంతకాలు తీసుకోలేదని, ప్రచారానికి వాడొద్దని దానర్థం. డాక్యుమెంటరీలో వాడటానికి ఏజెన్సీ ఒప్పుకుంది. అయితే అదే షాట్ ట్రైలర్‌లో కూడా ఉంది, ట్రైలర్ అంటే ప్రచారమే. అడిగితే ట్రైలర్‌కి ఇవ్వలేమన్నారు. అక్కడ మేం తీసిన షాట్ పెట్టాం. షీట్‌లో ట్రైలర్‌కి, పోస్టర్‌కి వేరే గడులు చేర్చాను.

లొకేషన్ కాగితాల్లో ఎక్కువ గందరగోళం అక్కడ కెమెరా పెట్టడానికిచ్చే పర్మిషన్‌తో వస్తుంది. అది ఆ రోజు అక్కడ షూట్ చేసుకోమనడమే. తీసింది ఫలానా మాధ్యమాల్లో, ఇన్నేళ్లు చూపించుకోవచ్చని లొకేషన్ అగ్రిమెంట్ చెప్పాలి. మా దగ్గరున్న ఒక హాలు అగ్రిమెంట్ బాగానే ఉంది, యజమానే సంతకం పెట్టారు. కానీ 9 సెకన్ల ఒక షాట్‌లో హాలు గోడ మీది పెద్ద బొమ్మ ఫ్రేమంతా నిండి ఉంది. గోడ యజమానిదే అయినా, బొమ్మ హక్కు మామూలుగా చిత్రకారుడి దగ్గరే ఉంటుంది. హాలువాళ్ల ద్వారా ఆ బొమ్మ వేసినావిడను పట్టుకుని విడిగా సంతకం తీసుకున్నాం. వెనక మసకగా కనిపించి ఉంటే ఇంత పట్టించుకునేవాణ్ని కాదేమో.

పంపే ముందు షీట్ మొత్తాన్ని "ఎప్పటివరకు చెల్లుతుంది" అన్న గడి ప్రకారం సర్దాను. ఒక స్టాక్ క్లిప్ పైకి వచ్చింది. దాని లైసెన్స్ 5 ఏళ్లకే, డిస్ట్రిబ్యూటర్‌తో మా ఒప్పందం 7 ఏళ్లు. అంటే చివరి రెండేళ్లూ సినిమా మొత్తం ఆ 4 సెకన్ల క్లిప్ వల్ల ఇరుక్కుంటుంది. ప్రొడ్యూసర్ గారు ఏజెన్సీకి రాసి ఇంకో రెండేళ్లకు ధర అడిగారు. ఇచ్చిన ధర చూసి, ఎడిటర్‌ని పిలిచి, లాక్ అయిన సినిమాని ఆ 4 సెకన్ల కోసం తెరిపించారు.