పదో తరగతి ఫేర్‌వెల్‌కి లాంగ్ ఫ్రాక్: పని ఎక్కువ పట్టింది చంక దగ్గర

జనవరి మొదటి వారం

మా అక్క కూతురికి ఈ నెలాఖరులో స్కూల్లో ఫేర్‌వెల్. పదో తరగతి, పదిహేనేళ్లు, ఐదడుగుల రెండంగుళాలు. డ్రెస్ నేనే కుట్టాలని ఆర్డరు. నాకు కుట్టుపని సరదా మాత్రమే, వ్యాపారం కాదు కాబట్టి ఆదివారాలు, రాత్రి భోజనాల తర్వాత దొరికే టైములోనే పని.

కుట్టడానికి ముందు ఏం కుట్టాలో తేలాలి కదా, అక్కడే రెండు పార్టీలు. మా అక్కకి లంగావోణీ కావాలి. దానికేమో ఫోన్లో చూసిన ఆఫ్ షోల్డర్ గౌన్, నేల ఊడ్చేంత పొడవు. స్కూల్ సర్క్యులర్లో చేతులుండాలి, మోకాలు దాటాలి, హై హీల్స్ వద్దు అని మూడు ముక్కలే ఉన్నాయి. లంగావోణీ చెడ్డదేం కాదు, కానీ ఈ పిల్ల ఎప్పుడూ కట్టుకోలేదు, మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఏడున్నర దాకా ఆటలూ డాన్సూ గ్రూప్ ఫొటోలూ అంటే పిన్నులు సర్దుకోవడంతోనే సరిపోతుంది. ఆఫ్ షోల్డర్ మీద నేను వాదించలేదు. షాపుకి తీసుకెళ్లి ట్రయల్ రూంలో వేసుకోమన్నాను. రెండు చేతులూ పైకెత్తు, పడిపోయిన పెన్ను తీసినట్టు వంగు, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని లే, అంతే. చేతులెత్తగానే ఎలాస్టిక్ జారి మెడ మీదకి ఎగబాకింది, దించితే మళ్లీ కిందకి లాక్కోవాలి. అదే అద్దంలో చూసుకుని, "పిన్నీ, ఇది వేసుకుంటే నేను చేతులు కట్టుకుని నిల్చోవాలి" అంది. నేను చెప్పి ఉంటే ఒప్పుకునేది కాదు.

చివరికి లాంగ్ ఫ్రాక్ దగ్గర సెటిలయ్యాం. మోచేతి దాకా చేతులు, గుండ్రటి మెడ, నడుము దగ్గర కుట్టు, కింద హాఫ్ అంబ్రెల్లా, పొడవు చీలమండకి కొంచెం పైదాకా. రంగు మాత్రం దాని ఇష్టం.

గుడ్డ

బెంగళూరు మెట్రోలో చిక్‌పేట దిగి జార్జెట్ చూశాం. నెట్ ముట్టుకోగానే వద్దంది, గీరుకుంటుందని. శాటిన్ మెరుపు బాగుంటుంది గానీ కూర్చుని లేస్తే ఒడి దగ్గర ముడతలన్నీ కనిపిస్తాయి, చంకలో చెమట మరక ఇంకా బాగా కనిపిస్తుంది. లేత బూడిద, పీచ్, పౌడర్ బ్లూ లాంటి రంగులకీ ఇదే సమస్య, తడిస్తే అక్కడ ముదురు రంగు వచ్చేస్తుంది. బెంగళూరులో జనవరి మధ్యాహ్నం ఎండ బాగానే ఉంటుంది, పొద్దు వాలితే చలి. డాన్స్ చేసి చెమట పట్టాక చల్లగాలి తగిలితే ఒంటికి అతుక్కునే గుడ్డ మహా చిరాకు. ముదురు నెమలి నీలం జార్జెట్ మీటరు నూట ఎనభైకి ఇచ్చాడు. ముదురు రంగులో ఇంకో లాభం, నెలసరి రోజుల్లో పడినా పిల్లకి ఆ టెన్షన్ ఉండదు. ఇది పిల్లలు అడగరు, మనమే గుర్తుపెట్టుకోవాలి.

లైనింగ్ దగ్గర కక్కుర్తి పడొద్దు. ఈ జార్జెట్ పాలియెస్టర్, చెమట పీల్చదు. అందుకని పై బాడీకి పల్చటి కాటన్, కింద స్కర్ట్‌కి క్రేప్ తీసుకున్నాను. కింద కూడా కాటన్ వేస్తే లెగ్గింగ్‌కి పట్టుకుని నడుస్తుంటే పైకి పాకుతుంది, క్రేప్ జారిపోతుంది. కాటన్‌ని రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేశాకే కత్తిరించాను. లేకపోతే మొదటి ఉతుకుకి లైనింగ్ కుంచించుకుపోయి జార్జెట్ ఉబ్బి నిలబడుతుంది. షాపులోనే ఇంకో పరీక్ష, జార్జెట్ కింద లైనింగ్ వేసి లోపల చెయ్యి పెట్టి ఫ్లాష్‌తో ఫొటో తీయండి. కంటికి కనపడని వేళ్లు ఫొటోలో కనిపిస్తే ఆ లైనింగ్ చాలదు. ఫేర్‌వెల్ అంటేనే ఫొటోలు కదా. జిప్పు, హుక్కులు, పైపింగ్ సామాను అవెన్యూ రోడ్డు మీద రాజా మార్కెట్లో.

కొలతలు, కటింగ్

ఛాతీ 32, నడుము 25, భుజం 13½ అంగుళాలు. జార్జెట్ సాగదు కాబట్టి ఛాతీకి మూడంగుళాలు, నడుముకి రెండంగుళాలు లూజు వదిలాను. కూర్చుని బిర్యానీ తినాల్సిన పిల్లకి నడుము దగ్గర ఒక్క అంగుళం లూజు సరిపోదు.

స్కర్ట్‌ని రెండు పావు వృత్తాలుగా కత్తిరించాను, అప్పుడు రెండు పక్కలా కుట్టు వస్తుంది, ఎడమ పక్క జిప్పుకి, కుడి పక్క జేబుకి. లెక్క ఇలా: తయారయ్యాక నడుము 27, రెండు కుట్లకి కలిపి రెండంగుళాలు, మొత్తం 29. హాఫ్ అంబ్రెల్లాకి దాన్ని 3.14తో భాగిస్తే సుమారు 9¼. మూల నుంచి 9¼ దగ్గర కుట్టు గీత, నడుము కుట్టుకి అరంగుళం వదలాలి కాబట్టి కత్తెర వేసేది 8¾ దగ్గర. కుట్టు గీత నుంచి కిందకి పొడవు 33, అంచు మడతకి అరంగుళం, కలిపితే 42¾. జార్జెట్ పన్నా 44, అంచులు పోతే 43. అంటే అతుకు లేకుండా ఈ పన్నాలో దీనికంటే పొడవు రాదు. నేల ఊడ్చే పొడవు కావాలంటే అతుకు వేయాలి లేదా ఇంకా పెద్ద పన్నా వెతకాలి. మాకు 33 చాలు, మెట్లెక్కేటప్పుడు కాలి కింద పడదు. రెండు ముక్కలకీ రెండున్నర మీటర్లు, పై బాడీకీ చేతులకీ ఇంకో మీటరుంపావు పట్టింది.

కింద అంచు చుట్టుకొలత, అదే ఘేర్, మూడు మీటర్లు దాటి వచ్చింది, కానీ అది చూసి మురిసిపోకూడదు. అడుగు ఎంత దూరం పడుతుందో చెప్పేది లైనింగ్. గుడ్డ కలిసొస్తుందని చాలామంది లైనింగ్‌ని గొట్టంలా కుడతారు, పైన గొడుగంత ఘేర్ ఉన్నా లోపల కాళ్లు కట్టేసినట్టే. నేను లైనింగ్‌ని ఇంగ్లిష్ A ఆకారంలో, కింది చుట్టు 72 అంగుళాలు వచ్చేలా కత్తిరించాను. పొడవు మాత్రం పై గుడ్డ కంటే రెండంగుళాలు తక్కువ.

పాత పంచెతో ట్రయల్

అసలు గుడ్డ ముట్టుకోకుండా పై బాడీని పాత పంచెతో కచ్చా కుట్టు వేసి చూశాను. చేతులు దించి నిల్చుంటే బ్రహ్మాండంగా ఉంది. చేతులెత్తమంటే నడుము కుట్టు దాదాపు నాలుగంగుళాలు పైకి లేచింది, వీపు మీద అడ్డంగా ముడతలు పడ్డాయి.

ఇలాంటప్పుడు ఎవరైనా చెప్పేది "చంక ఇంకాస్త కిందకి కట్ చెయ్, ఫ్రీగా ఉంటుంది" అని. జరిగేది దానికి రివర్స్. చెయ్యి లేచినప్పుడు చంక అడుగు నుంచి నడుము దాకా ఉన్న పక్క కుట్టు పొడవు చాలాలి. చంక ఎంత కిందకి దించితే ఆ కుట్టు అంత పొట్టి అవుతుంది, అప్పుడు చెయ్యి డ్రెస్ మొత్తాన్నీ పట్టుకుని పైకి లాగుతుంది. రెడీమేడ్ ఫ్రాకులు రకరకాల ఒళ్లకి పట్టాలని చంక దించే కుడతారు, అందుకే వాటిలో ఈ గోల ఎక్కువ. కాబట్టి చంకని ఒక అంగుళం పైకి జరిపాను, ఒంటికి రెండు వేళ్లు దూరేంత దగ్గరగా. చెయ్యి పైభాగంలో గుమ్మటంలా ఉండే వంపు ఎత్తు 4½ నుంచి 3½కి తగ్గించి, ఆ మేరకి చెయ్యి వెడల్పు పెంచాను. వంపు అంచు చుట్టూ టేపు పెట్టి కొలిస్తే చంక చుట్టుకొలత కంటే కొంచెం ఎక్కువే రావాలి, తక్కువైతే లాగి కుట్టాల్సి వస్తుంది.

మళ్లీ చేతులెత్తితే లేచింది అంగుళంన్నరే. దీనికి ఒక ఖరీదు ఉంది, చెయ్యి దించినప్పుడు భుజం కింద చిన్న మడత పడుతుంది. ఫొటోకి బొమ్మలా నిల్చోవడానికైతే ఎత్తు వంపే నయం. డాన్స్ చేసే పిల్లకి మడతే మంచిదని తేల్చాం. మా అక్క మాత్రం ఆ మడత దగ్గర ఇప్పటికీ వేలు పెట్టి చూపిస్తుంది.

మెడ

ముందు మెడ ఆరంగుళాల లోతు గీశాను, ట్రయల్‌లో వంగితే అద్దంలో లోపలిదాకా కనిపించింది. ఇక్కడ లోతు కంటే వెడల్పుతోనే తంటా ఎక్కువ, మెడ వెడల్పైతే వంగగానే ముందు భాగం ఒంటిని వదిలేసి వేలాడుతుంది. వెడల్పు ఏడు నుంచి ఆరుకి, లోతు ఐదున్నరకి తెచ్చాను. పైపింగ్ పట్టీని ఏటవాలుగా కత్తిరించి, మెడ చుట్టుకొలత కంటే అరంగుళం తక్కువ పెట్టి కొద్దిగా లాగుతూ కుట్టాను. మెడ ఒంటికి అతికినట్టు కూర్చుంది. మరీ లాగితే మెడ చుట్టూ చిన్న చిన్న ముడతలు వస్తాయి, అలా వస్తే విప్పడమే. వీపు మెడ నాలుగంగుళాలే, దానికి చిన్న బటన్. వెనక తాళ్లు, గంటలు కావాలంది గానీ కుర్చీలో ఆనుకుంటే గుచ్చుకుంటాయని ఒక మాట అనేసరికి తనే వద్దంది.

చివరి వారం

ఎడమ పక్క జిప్పు, చంక కింద ఒకటిన్నర అంగుళం నుంచి తుంటి దాకా. వీపు జిప్పైతే బాత్రూంకి వెళ్లిన ప్రతిసారీ ఫ్రెండ్‌ని పిలవాలి. జిప్పు పళ్లు ఒంటికి తగలకుండా లోపల కాటన్ పట్టీ వేశాను. కుడి పక్క జేబులో ఫోన్ పెడితే జార్జెట్ కిందకి వేలాడింది. అందుకని జేబు సంచీని లైనింగ్ గుడ్డతో కుట్టి, దాని పై అంచుని నడుము కుట్టులో కలిపాను, ఇప్పుడు బరువంతా నడుము మోస్తుంది.

అంచు మడతకి తొందరపడకండి. గొడుగు కటింగ్‌లో ఏటవాలుగా వచ్చిన చోట గుడ్డ తన బరువుకి కిందకి దిగుతుంది. ఫ్రాక్‌ని హ్యాంగర్‌కి ఒక రాత్రి, ఒక పగలు వేలాడదీశాను. రెండు చోట్ల ముప్పావు అంగుళం దాకా దిగింది. ఆ రోజు వేసుకోబోయే చెప్పులే తొడిగించి, స్టూల్ మీద నిలబెట్టి, స్టూల్ పలక నుంచి స్కేలుతో కొలుస్తూ చుట్టూ సుద్దతో గుర్తులు పెట్టి, దిగింది కత్తిరించి సన్నగా మడిచాను. చెప్పులు మారితే పొడవు మారినట్టే. అంగుళం హీల్ ఉన్న పట్టీల చెప్పులు అవి, మడమ వెనక పట్టీ కూడా ఉంది.

తర్వాత మొత్తం వేసుకుని పాట పెట్టి గంట సేపు ఇల్లంతా తిరిగింది, నేల మీద కూర్చుంది, మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. చంకలో ఎర్రబడలేదు, నడుము దగ్గర గీత పడలేదు. గంట తర్వాత ఒంటి మీద ఎర్రటి గీతలుంటే ఆ చోట లూజు చాలలేదని, అద్దంలో ఎంత బాగున్నా సరే. మెడ దగ్గర పైపింగ్ కొస మాత్రం గుచ్చుకుంటోందంది, లోపలికి మడిచి చేత్తో కుట్టాను.

సంచిలో రెండు పిన్నీసులు, సూదీ దారం, సాయంత్రం చలికి సన్నటి స్వెటర్ పెట్టి పంపాం. ఏడున్నర దాటాక వచ్చింది, స్వెటర్ తీయనే లేదు. పిన్నీసు ఒకటి వాడారు గానీ దీనికి కాదట, పక్కమ్మాయి గౌనుకి. దీని ఫ్రాక్‌లో పాడైంది జిప్పు పైన హుక్కొక్కటే, దారం వదులైంది. ఉతికే ముందు దాన్ని తీసేసి ప్రెస్ బటన్ పెట్టాలి, కాలేజీకి కూడా ఇదే వేసుకుంటానంటోంది కాబట్టి అంచు కూడా ఉతికాక ఒకసారి కొలిచి చూడాలి.