22 అక్షరాలు, ఒక టీవీ రిమోట్

నిన్న అమ్మ వాళ్ళింట్లో కొత్త టీవీలో ఓటీటీ యాప్‌కి లాగిన్ అవ్వడానికి అరగంట పట్టింది. పాస్‌వర్డ్ 22 అక్షరాలు, రిమోట్ బాణాలతో ఒక్కోటి వెతుక్కుంటూ కొడితే రెండుసార్లూ తప్పే. పోనీ అని మైక్ నొక్కి "క్యాపిటల్ కె" అంటే K పడలేదు, capital k అని మొత్తం రాసేసింది, పైగా ఇంట్లో అందరికీ నా పాస్‌వర్డ్ వినపడింది (మార్చేశాను లెండి). తర్వాత ఫోన్‌లో రిమోట్ యాప్ పెట్టి, ఫోన్ కీబోర్డుతో పేస్ట్ చేశా. అదీ తప్పన్నాడు, చూస్తే కాపీ చేసేటప్పుడు చివర ఒక స్పేస్ కూడా వచ్చింది. అప్పుడు కనిపించింది మూలన క్యూఆర్ కోడ్! స్కాన్ చేస్తే, ఫోన్‌లో ముందే లాగిన్ అయి ఉన్నాను కాబట్టి "అనుమతించు" నొక్కగానే టీవీ తెరుచుకుంది, పాస్‌వర్డ్ టీవీలో కొట్టే పనే లేదు. కాకపోతే ఎవరో వాట్సాప్‌లో పంపిన కోడ్ స్కాన్ చేసి అలా నొక్కితే మన అకౌంట్ వాళ్ళ టీవీలో తెరుచుకుంటుంది.