అక్టోబర్ మొదటి ఆదివారం

మెల్‌బోర్న్‌లో మా వంటింటి గోడ గడియారాన్ని పన్నెండు నుంచి ఒంటిగంటకు తిప్పుతుండగానే అక్క డాలస్ నుంచి వీడియో కాల్‌లోకి వచ్చి, "మాకు గంట వెనక్కి జరగడానికి ఇంకా నెల ఉందిరా" అంది.

భూమి అక్షం వాలుగా ఉండడం వల్ల సెప్టెంబర్ చివరి నుంచి సూర్యుడు దక్షిణార్ధగోళం వైపు మొగ్గుతాడు. మాకు పగలు పెరుగుతుంటే అక్క వాళ్లకు తరుగుతుంది. సాయంత్రపు వెలుగు ఎక్కువసేపు దక్కేలా ఎవరి వసంతంలో వారు గడియారాన్ని గంట ముందుకు జరిపి, ఆకురాలు కాలంలో మళ్లీ వెనక్కి తిప్పుతారు కాబట్టి అమెరికాకు ముందుకు జరపడం మార్చిలో వస్తే, మాకు అక్టోబర్‌లో వస్తుంది.

నిన్నటి వరకు మా ఇద్దరి మధ్య పదిహేను గంటల తేడా ఉండేది. ఈ రోజు అది పదహారైంది, నవంబర్ మొదటి ఆదివారం అక్కడి గడియారం వెనక్కి జరిగితే పదిహేడవుతుంది. మేం వారం వారం మాట్లాడుకునే వేళను డాలస్ గడియారానికి కట్టేస్తే ఆ రెండు గంటల భారమూ నా మీదే పడుతుంది.

గుంటూరులో అమ్మ గడియారం మాత్రం ఏడాది పొడవునా కదలదు. అందుకే ఆదివారం ఉదయం ఏడున్నర అని ఆమె వేళనే ఖాయం చేసుకున్నాం. నాకు జూలైలో మధ్యాహ్నం పన్నెండు, జనవరిలో ఒంటిగంట అవుతుంది. అక్కకు శనివారం రాత్రి తొమ్మిది, లేదా ఎనిమిది. సర్దుకోవలసింది ఎవరికైనా ఒక్క గంటే.